గట్టు ఎత్తు వేరు, నీటిమట్టం వేరు

విజయనగరంలో మూడు లాంతర్లకు దగ్గర్లోనే మా ఇల్లు. సాయంత్రాలు వరండాలో కూర్చుని డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఈమధ్య ఒక అమ్మాయి పరీక్ష పేపరు పట్టుకుని వచ్చింది. ఒక లెక్కకు పదికి రెండు మార్కులే వేశారు. జవాబు మాత్రం సరిగ్గానే ఉంది.

"రెండే కదండీ మాస్టారూ జవాబు? మరేటి తప్పు?" అని అడిగింది.

లెక్క ఇది. మొదటి సంఖ్య √2. దానికి 2 కలిపి వర్గమూలం తీస్తే రెండో సంఖ్య వస్తుంది. దానికి మళ్లీ 2 కలిపి వర్గమూలం తీస్తే మూడోది. ఇలా సాగిపోయే వరుసను అనుక్రమం అంటాం. దాన్ని aₙ₊₁ = √(2 + aₙ) అని రాస్తాం. కాలిక్యులేటర్లో నొక్కుకుంటూ పోతే 1.41421, 1.84776, 1.96157, 1.99037, 1.99759 వస్తాయి. ఈ సంఖ్యలు చివరికి దేన్ని చేరుకుంటున్నాయో, అంటే దీని అవధి ఎంతో కనుక్కోవాలి.

ఆ అమ్మాయి మూడు లైన్లలో తేల్చేసింది. అవధి L అనుకుంటే L = √(2 + L). వర్గం చేస్తే L² − L − 2 = 0. L విలువ 2 లేదా −1. సంఖ్యలన్నీ ధనాత్మకం కాబట్టి జవాబు 2.

తప్పంతా "అవధి L అనుకుంటే" అన్న మాటలోనే ఉంది. అది మాటల్లో చెబితే నమ్మదని ఇంకో వరుస ఇచ్చాను. 1తో మొదలుపెట్టి, ప్రతిసారీ రెట్టింపు చేసి 1 కలుపు అన్నాను. 1, 3, 7, 15, 31 అని రాసింది. ఇప్పుడు నీ పద్ధతిలోనే చెయ్యి అన్నాను. L = 2L + 1 అని రాసి, L = −1 అని తేల్చి, కలం పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆకాశానికి ఎగబాకే సంఖ్యలు −1 దగ్గరకు ఎలా చేరతాయి?

సమీకరణం తప్పేమీ చెప్పలేదు. అవధి అంటూ ఉంటే అది ఎక్కడుండాలో చెప్పింది, అంతే. అసలు ఉందో లేదో దానికి తెలియదు. ఆ సంగతి ముందు మనం వేరే దారిలో తేల్చుకోవాలి. మిగతా ఎనిమిది మార్కులు ఆ పనికే.

కాలిక్యులేటర్లో 2 దగ్గరకు వస్తున్నట్టు కనబడుతోంది కదా, అది చాలదా అని అడిగింది. చాలదు. 1 + 1/2 + 1/3 + 1/4 అంటూ కలుపుకుంటూ పోతే, ఒక్కో అడుగులో పెరుగుదల తగ్గుతూ తగ్గుతూ వస్తుంది. మొత్తం 10 దాటాలంటే 12,367 పదాలు కలపాలి. వెయ్యి పదాలు కలిపి చూసినవాళ్లకు ఇది ఎనిమిది లోపలే ఎక్కడో ఆగిపోతుందని అనిపిస్తుంది. కానీ ఎంత పెద్ద సంఖ్య చెప్పినా ఈ మొత్తం దాన్ని ఏదో ఒకనాడు దాటేస్తుంది. నెమ్మదిగా పెరగడం వేరు, దాటలేని హద్దు ఉండడం వేరు.

ఆ హద్దే ఇక్కడ కీలకం. పెరుగుతూ పోయే అనుక్రమానికి ఎగువ హద్దు ఒకటి ఉంటే దానికి అవధి తప్పకుండా ఉంటుందన్నది సిద్ధాంతం. మా ఊరి పెద్ద చెరువునే తీసుకోండి. నీళ్లు రోజూ పెరుగుతున్నాయి, ఒక్కరోజు కూడా తగ్గడం లేదు, ఏ రోజూ గట్టు దాటడం లేదు అనుకుందాం. అప్పుడు నీటిమట్టం ఏదో ఒక గీత దగ్గరకు చేరుకోక తప్పదు. ఆ గీత గట్టు అంచే కానక్కర్లేదు. చాలా కిందే ఉండొచ్చు.

రుజువు పొడుగేమీ కాదు. హద్దులుగా పనికొచ్చే సంఖ్యలన్నిట్లోకీ చిన్నదాన్ని L అందాం. L కన్నా వెంట్రుకవాసి కిందికి ఒక గీత గీయండి. L కన్నా చిన్న హద్దు లేదు కాబట్టి ఆ గీత హద్దు కాలేదు. అంటే అనుక్రమంలో ఏదో ఒక పదం ఆ గీతను దాటి తీరాలి. ఒకటి దాటితే తర్వాతివన్నీ దాటినట్టే, ఎందుకంటే వెనక్కి తగ్గడం లేదు. పైన L ఉంది, దాన్ని ఏదీ దాటదు. కాబట్టి అక్కడి నుంచి పదాలన్నీ ఆ వెంట్రుకవాసి సందులోనే ఉంటాయి. ఆ సందును ఎంత సన్నగా తీసుకున్నా ఇదే మాట చెల్లుతుంది. అవధి అంటే అదే.

ఇందులో ఒక్కచోట మాత్రం గట్టిగా నిలదీయాలి. హద్దులన్నిట్లోకీ చిన్నది ఉంటుందని ఎవరు చెప్పారు? భిన్నాల ప్రపంచంలో అయితే ఉండదు. 1, 1.4, 1.41, 1.414 అంటూ √2 వైపు నడిచే వరుసకు 1.5 ఒక హద్దు, 1.42 ఇంకో హద్దు. ఏ భిన్నాన్ని హద్దుగా తెచ్చినా దానికన్నా చిన్న భిన్నం ఇంకోటి హద్దుగా దొరుకుతుంది. అట్టడుగున ఉండాల్సిన √2 భిన్నమే కాదు. ఈ ఖాళీయే జర్మన్ గణితవేత్త రిచర్డ్ డెడెకిండ్‌ను వేధించింది. 1858లో ఆయన జ్యూరిచ్‌లో కలనగణితం చెబుతూ, సరిగ్గా ఈ సిద్ధాంతం దగ్గరకు వచ్చేసరికి బొమ్మ గీసి ఒప్పించడం తప్ప అసలైన రుజువు లేదని గుర్తించాడు. ఆ ఏడాది నవంబరు 24న దారి దొరికిందని తేదీతో సహా రాసుకున్నాడు. సంఖ్యారేఖను ఎక్కడ రెండుగా కోసినా ఆ కోత దగ్గర ఒక సంఖ్య ఉండేలా వాస్తవ సంఖ్యలను నిర్మించడమే ఆ దారి. దాన్ని 1872లో అచ్చువేశాడు. పాఠం చెప్పేటప్పుడు కలిగిన అసంతృప్తి నుంచి ఇంత పని పుట్టిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక మన లెక్క. పదాలు పెరుగుతున్నాయా? √2 కన్నా √(2 + √2) పెద్దది, అది స్పష్టమే. ఒక పదం దాని ముందుదానికన్నా పెద్దదైతే, రెంటికీ 2 కలిపి వర్గమూలం తీసినా ఆ పెద్దరికం పోదు. కాబట్టి పెరుగుదల ఎప్పటికీ ఆగదు. మరి హద్దు? 3 తీసుకో అన్నాను. "రెండు కదండీ?" అంది ఆశ్చర్యంగా. 3 చాలు. ఒక పదం 3 కన్నా చిన్నదైతే తర్వాతిది √5 కన్నా చిన్నది, √5 ఎలాగూ 3 లోపలే. మొదటిది √2 కాబట్టి ఏదీ 3 దాటదు. గట్టు మూడు దగ్గరుంది, నీళ్లు రెండు దగ్గర ఆగుతాయి. జవాబును హద్దుగా ముందే ఊహించాల్సిన పని లేదు.

ఇప్పుడు అవధి ఉందని తేలింది. ఇకనుంచి L అని రాసే హక్కు మనకుంది. aₙ₊₁ అన్నది అదే వరుస, ఒక అడుగు ముందుకు జరిగిందంతే, కాబట్టి దాని అవధి కూడా L. వర్గమూలంతో పేచీ లేకుండా aₙ₊₁² = 2 + aₙ అని రాసి రెండు వైపులా అవధి తీసుకుంటే L² = 2 + L. ఏ పదమూ √2 కన్నా తక్కువ కాదు కాబట్టి L కూడా తక్కువ కాలేదు. −1 పోయింది, 2 మిగిలింది. ఆ అమ్మాయి రాసిన మూడు లైన్లే ఇవి, కాకపోతే ఇప్పుడు వాటి కింద నేల ఉంది.

తను ఊరుకోలేదు. 2 బదులు 6 పెట్టి, √6తో మొదలుపెట్టి చేసింది. హద్దుగా ధైర్యంగా 10 తీసుకుంది, ఎందుకంటే √16 అంటే 4, పదిలోపే. అవధి 3 వచ్చింది. "అదే 5తో మొదలుపెడితే మాస్టారూ?" అని తనే కాలిక్యులేటర్ తీసింది. 5, 3.3166, 3.0523, 3.0087. ఈసారి దిగుతున్నాయి. కాసేపు ఆలోచించి, పైహద్దు కొట్టేసి కింద సున్నా రాసింది. ఒక పదం ముందుదానికన్నా చిన్నదైతే తర్వాతిదీ చిన్నదే, ఏదీ సున్నా కిందికి పోదు కాబట్టి అవధి ఉంది, అది సున్నా కన్నా తక్కువ కాలేదు కాబట్టి −2 కుదరదు, మూడే అని చదివి వినిపించింది.