నేరేడుపండు రంగు ఎందుకు రాలేదు? రంగులు కలపడంలో అపోహలు - వాస్తవాలు

30 ఏళ్ళు హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా చేశాను. రంగులు కలపడం గురించి పిల్లలు ఏ పొరపాటు మాటలు నమ్ముతారో తరగతిలో చాలాసార్లు విన్నాను. మొన్న జూన్‌లో, బడులు తెరవడానికి వారం ముందు, అవన్నీ మా మనవరాలి నోట ఒక్క పూటలో మళ్ళీ విన్నాను. దానికి ఆరేళ్ళు. క్రేయాన్లతో బొమ్మలు వేస్తుంది గానీ రంగులు కలపడం అదే మొదటిసారి.

ఆ పొద్దున నేరేడుపళ్ళు తిని, అద్దంలో నాలుక చూసుకుని పరుగెత్తుకొచ్చింది. "అమ్మమ్మా, ఈ రంగు నా డబ్బాలో లేదు. చేసిపెట్టవా?"

"నువ్వే చేద్దువుగాని, రా" అని అరుగు మీద పాత పేపరు పరిచాను. నా వాటర్ కలర్ ట్యూబులు, ఒక తెల్ల పింగాణీ పళ్ళెం, రెండు గ్లాసుల నీళ్ళు పెట్టాను. ఒక గ్లాసు కుంచె కడగడానికి, రెండోది రంగులో కలపడానికి. ఒకే గ్లాసు పెడితే మూడో రంగుకల్లా నీళ్ళు మురికైపోతాయి, ఆ మురికి మొదట పసుపులోనే కనిపిస్తుంది.

అపోహ: ఎరుపు, నీలం కలిపితే వంకాయ రంగు వస్తుంది.

గోడ చార్టుల్లో మూడు గుండ్రాలు గీసి ఇలాగే చూపిస్తారు. మా పిల్లకీ అదే తెలుసు. డబ్బాలో దానికి అన్నిటికన్నా ఎర్రగా కనిపించిన స్కార్లెట్ తీసింది, దానికి ప్రష్యన్ బ్లూ కలిపింది. పళ్ళెంలో తేలింది వంకాయ రంగు కాదు, పాత చింతపండు రంగు. దాని మొహం చిన్నబోయింది. "నేను తప్పు కలిపానా?"

తప్పు కలపడంలో లేదు, ఎంచుకోవడంలో ఉంది. ట్యూబులోని ఏ రంగూ అచ్చంగా ఒక్క రంగు కాదు, ప్రతిదీ పక్క రంగు వైపు కాస్త ఒరిగి ఉంటుంది. స్కార్లెట్ పసుపు వైపు ఒరిగిన ఎరుపు, ప్రష్యన్ బ్లూ ఆకుపచ్చ వైపు ఒరిగిన నీలం. రంగు అంటే తన మీద పడిన వెలుగులో కొంత మింగేసి మిగతాది వెనక్కి పంపే పొడి. స్కార్లెట్ నీలి వెలుగును మింగేస్తుంది, ప్రష్యన్ బ్లూ ఎర్ర వెలుగును మింగేస్తుంది. వంకాయ రంగుకు కావాల్సినవి ఆ రెండే. ఇక పళ్ళెంలో మిగిలేది మసకే.

ఇదంతా ఆరేళ్ళ పిల్లకు చెప్పలేదు. రెండు ఎరుపులనూ చెరోచోట పెట్టి బాగా నీళ్ళు పోసి పలచన చేయించాను. "ఇప్పుడు ఏది నారింజకు దగ్గర, ఏది గులాబీకి దగ్గర?" అన్నాను. స్కార్లెట్ నారింజ వైపు, క్రిమ్సన్ గులాబీ వైపు వెళ్ళాయి. నీలాలనూ అలాగే చూసి, ప్రష్యన్ బ్లూ నెమలి మెడలా ఉందనీ అల్ట్రామెరైన్ శంఖుపువ్వులా ఉందనీ అదే చెప్పింది. ట్యూబు మీద రాసిన పేరు కన్నా ఇలా పలచన చేసి చూడడమే నమ్మకమైన పరీక్ష.

క్రిమ్సన్ శనగగింజంత పెట్టి, అల్ట్రామెరైన్ కొంచెం కొంచెంగా చేర్చమన్నాను. మూడోసారికి పళ్ళెంలో వంకాయ మెరిసింది. "వచ్చేసింది!" అన్న కేకకు వీధిలో వెళ్ళే వాళ్ళు ఆగి చూశారు.

ఇంట్లో కలర్ ప్రింటర్ ఉన్నవాళ్ళు దాని ఇంకు రంగులు చూడండి. మామూలుగా పసుపు, మజెంటా, సయాన్, నలుపు ఉంటాయి, ఎరుపు ఉండదు. మజెంటా, పసుపు కలిసే కాగితం మీద ఎరుపు అవుతుంది. అంటే "ఎరుపును కలిపి చేయలేం" అనే మాట కూడా నిజం కాదు.

అపోహ: రెండు రంగులూ సమానంగా కలపాలి.

నేరేడాకు వేయాలని పసుపు, ప్రష్యన్ బ్లూ చెరి సగం పెట్టింది. పసుపు జాడే లేకుండా పోయింది. ప్రష్యన్ బ్లూ చాలా బలమైన రంగు. శనగగింజంత పసుపుకు అందులో ఆవగింజంత సరిపోతుంది, అదీ ఒకేసారి వద్దు. ఎప్పుడూ లేత రంగు ముందు పెట్టి, ముదురు రంగును కుంచె కొసతో అందులోకి తేవాలి. తిరగేసి చేస్తే నీలాన్ని ఆకుపచ్చ చేయడానికే ట్యూబు పసుపంతా అయిపోతుంది. పిల్లలు "పసుపు రంగు అయిపోయింది" అని ఎక్కువగా అడగడానికి ఇదే కారణం.

అపోహ: ముదురు చేయాలంటే నలుపు కలపాలి.

నేరేడుపండు దాదాపు నల్లగా ఉంటుంది కదా, పిల్ల చేయి నేరుగా నల్ల ట్యూబు మీదికి వెళ్ళింది. ఆపలేదు. "ముందు పసుపులో వేసి చూడు" అన్నాను. పసుపు ముదరలేదు, పాచిపట్టిన ఆకుపచ్చ అయింది. నలుపును పలచన చేసి చూస్తే చాలా ట్యూబుల్లో నీలి ఛాయ కనిపిస్తుంది. అది చూసి తనకు ఆకుల కోసం ఇంకో ఆకుపచ్చ దొరికిందని సంబరపడిపోయింది. ముదురాకులకు అది నిజంగానే బాగుంటుంది.

పండుకు మాత్రం నలుపు వేస్తే నిగనిగ పోయి బొగ్గులా అవుతుంది. వంకాయ రంగులోనే నీళ్ళు తగ్గించి, ప్రష్యన్ బ్లూ కుంచె కొసంత చేర్చమన్నాను. చిక్కగా వేసినచోట నల్లగా, అంచున పలచబడినచోట ఊదాగా వచ్చింది. పండును చేతిలో తిప్పి చూస్తే దాని మీదా అంతే. ఇంకో సంగతి, వాటర్ కలర్ తడిగా ఉన్నప్పుడు కనిపించినంత ముదురుగా ఆరాక ఉండదు. అందుకని చిత్తు కాగితం మీద ఒక గీత వేసి, అది ఆరాకే పండు పక్కన పెట్టి పోల్చుకోమన్నాను.

అపోహ: వంటింట్లో పసుపు, తెల్ల సున్నం కలిస్తే పారాణి ఎర్రబడినట్టే, పసుపు రంగులో తెలుపు కలిపితే ఎరుపు రావాలి.

ఇది తరగతిలో పిల్లలు నన్ను ఇరుకున పెట్టిన ప్రశ్న. మనవరాలూ అడిగింది, "మరి పెళ్ళిలో పిన్ని కాళ్ళకు ఎలా వచ్చింది?"

సున్నం కంట్లో పడినా, చేతికి ఎక్కువ తగిలినా ప్రమాదం కనుక చెంచాతో నేనే కలిపి చూపించాను. చిటికెడు పసుపు నీళ్ళలో సున్నం తగలగానే ఎర్రబడింది. పక్కనే ట్యూబు పసుపులో తెలుపు కలిపితే లేత పసుపే వచ్చింది. ట్యూబు రంగులు కలిసినా ఏ పొడి ఆ పొడిగానే ఉంటుంది, మన కంటికి కలిసి కనిపిస్తాయంతే. పారాణిలో సున్నం వల్ల పసుపులోని కర్కుమిన్ అనే పదార్థమే మారుతుంది. అక్కడ తెలుపు రంగుకు పనిలేదు, సున్నంలోని క్షారానిదే పని. ఇంట్లో ఉతికే సబ్బు తగిలినా పసుపు మరక ఎర్రబడుతుంది, అది తెల్ల సబ్బయినా నీలం సబ్బయినా సరే.

చివరికి నిమ్మబద్ద ఇచ్చి పారాణిలో పిండమన్నాను. ఎరుపు మళ్ళీ పసుపైపోయింది. పిల్ల కాసేపు నోరు మెదపలేదు. తర్వాత అదే నిమ్మబద్ద పట్టుకుని, తను ముందు కలిపిన చింతపండు రంగు మీద రెండు చుక్కలు పిండింది. వంగి చూసింది. రంగు కాస్త పలచబడింది, అంతే.

"ఇది వెనక్కి రాదా అమ్మమ్మా?"

"రాదమ్మా."

పళ్ళెం నీళ్ళలో ముంచి, దాన్ని తనే కడిగేసింది.