ఉదయగిరిలో 43, మైపాడులో 36: ఒంటికి ఏది కష్టం?

సముద్రానికి దూరంగా, పొడిగాలి ఉండే ఉదయగిరిలో హాయిగా పనిచేసే ఎయిర్ కూలర్‌ని సముద్రం ఒడ్డున మైపాడులో పెడితే గది చల్లబడకపోగా ఉక్క పెరుగుతుంది. మన ఒళ్లు కూడా నీళ్లు ఆవిరి చేసుకునే చల్లబడుతుంది కాబట్టి తీరంలో దానికీ అదే ఇబ్బంది.

ఎండలో చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు ఉంటుంది. గాలి అంతకంటే వేడెక్కితే ఒంట్లో పుట్టే వేడి పోవడానికి చెమట ఒక్కటే దారి. రొయ్యల గుంట దగ్గర బరువులు మోసే మనిషిలో పుట్టే వేడి బయటికి పోవాలంటే గంటకు అర లీటరు పైగానే చెమట ఆవిరవ్వాలి. కారి నేలపాలైన చెమట వల్ల లాభం లేదు, ఆవిరైనదే వేడిని తీసుకుపోతుంది.

గాలి ఎంతవరకు చల్లబరచగలదో తెలుసుకోవడానికి థర్మామీటర్ బల్బుకి తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తారు. ఆవిరయ్యే కొద్దీ పాదరసం దిగి ఒకచోట ఆగుతుంది. అదే తడి బల్బు ఉష్ణోగ్రత. మధ్యాహ్నం ఉదయగిరిలో 43 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుందాం. తడి బల్బు దాదాపు 25 చూపిస్తుంది. మైపాడులో 36 డిగ్రీలే, కానీ తేమ 60 శాతం అయితే 29 దాటుతుంది. చర్మం మీది తడిని లాగే శక్తి మైపాడు గాలికి ఉదయగిరి గాలిలో సగమే. చెమట చొక్కాని తడిపేస్తుంది గానీ ఒళ్లు చల్లబడదు. చర్మానికి ఇంకా రక్తం పంపాలని గుండె వేగం పెంచుతుంది. కూర్చున్నా ఆయాసం అందుకే.

తడి బల్బు 35కి చేరితే ఆరోగ్యవంతుడైనా నీడలో కొన్ని గంటలే తట్టుకోగలడని 2010లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అమెరికాలో యువకుల మీద చేసి 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో తేమ గాలిలో 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. ముసలివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

అలాగని 43 సులువేమీ కాదు. అక్కడ చెమట పుట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు తగ్గిపోతాయి. గాలి కూడా ఒంటికి ఎదురు వేడి ఎక్కిస్తుంది. చెమట పుట్టే వేగానికీ ఓ హద్దు ఉంది. అందుకే తడి బల్బు అంకె ఒక్కటే చూసి ధైర్యపడకూడదు.

వడదెబ్బ తగిలినవాళ్లకి మాట తడబడుతుంది, నడక తూలుతుంది. ఎక్కడైనా ముందు 108కి ఫోన్ చేయాలి. ఉదయగిరిలో ఒళ్లు తడిపి విసిరితే వేడి బాగా దిగుతుంది. మైపాడులో ఆ తడి త్వరగా ఆవిరి కాదు. అక్కడ బండి వచ్చేదాకా చల్లటి నీళ్లు బిందెలతో పోస్తూనే ఉండాలి.