నీటి హీటింగ్ కర్వ్‌లో అడ్డగీతలు: అపోహలు - వాస్తవాలు

కెమిస్ట్రీ టీచర్‌గా నేను దిద్దే జవాబుల్లో ఈ గ్రాఫ్ వస్తే తప్పులు ఎక్కువగా ఆ రెండు అడ్డగీతల దగ్గరే దొర్లుతాయి. మంచును ఆవిరయ్యేదాకా వేడి చేస్తూ పోతే ఉష్ణోగ్రత ఎలా మారుతుందో చూపే గ్రాఫ్ ఇది. నిలువు అక్షం మీద ఉష్ణోగ్రత, అడ్డ అక్షం మీద సమయం ఉంటాయి. మంచు కరిగేటప్పుడు 0 డిగ్రీల దగ్గర, నీరు మరిగేటప్పుడు 100 డిగ్రీల దగ్గర గీత అడ్డంగా సాగుతుంది. ఒక లెక్క తీసుకుందాం. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న 100 గ్రాముల మంచుకు సెకనుకు 200 జౌళ్ల వేడి ఇస్తున్నాం. బయటికి వేడి ఏమీ పోవడం లేదనుకుందాం.

అపోహ: గీత అడ్డంగా ఉన్నంతసేపూ వేడి లోపలికి వెళ్లడం లేదు.

హీటర్ ఎక్కడా ఆగలేదు. మంచు 0 డిగ్రీలకు చేరడానికి 4,200 జౌళ్లు, అంటే 21 సెకన్లు చాలు. ఆ తర్వాత కరగడానికి గ్రాముకు 334 జౌళ్ల చొప్పున మొత్తం 33,400 జౌళ్లు, అంటే 167 సెకన్లు కావాలి. ఈ వేడి అణువులను ఒకచోట కట్టి ఉంచిన ఆకర్షణను సడలించడానికే ఖర్చవుతుంది. థర్మామీటర్ చూపేది అణువుల సగటు గతిజశక్తిని. అది పెరగనప్పుడు రీడింగు ఎలా మారుతుంది?

అపోహ: 0 డిగ్రీల గీత మీద ఉన్నది మంచు మాత్రమే.

గీత మొదట్లో అంతా మంచు, చివర్లో అంతా నీరు. మధ్యలో రెండూ ఉంటాయి. 100వ సెకను దగ్గర చూడండి. అప్పటికి కరగడం మొదలై 79 సెకన్లయింది, అందిన వేడి 15,800 జౌళ్లు. దాన్ని 334తో భాగిస్తే దాదాపు 47 గ్రాములు. అంటే 47 గ్రాముల నీటిలో 53 గ్రాముల మంచు ఇంకా తేలుతోంది. రెండూ 0 డిగ్రీల దగ్గరే ఉన్నాయి.

అపోహ: రెండు అడ్డగీతలూ ఇంచుమించు ఒకే పొడవు.

పేజీలో పట్టదని రెండో గీతను కుదించి గీస్తుంటారు, పిల్లలు అదే నిజమనుకుంటారు. నీరు ఆవిరి కావడానికి గ్రాముకు సుమారు 2,260 జౌళ్లు కావాలి. మన లెక్కలో అది 1,130 సెకన్లు, దాదాపు 19 నిమిషాలు. మొదటి గీతకు ఏడు రెట్లకు దగ్గర! కరిగినప్పుడు అణువులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే ఉంటాయి. ఆవిరి కావాలంటే పూర్తిగా విడిపోవాలి.

అపోహ: ల్యాబ్‌లో గీత తిన్నగా రాకపోతే ప్రయోగం తప్పు.

కారణం చూడాలి. మంచు ఇంకా మిగిలి ఉండగానే రీడింగు 0 దాటిందంటే మీరు సరిగా కలపలేదు, థర్మామీటర్ బల్బు చుట్టూ ఉన్న నీరు ముందే వేడెక్కింది. మరిగే గీత 100 కంటే కింద తిన్నగా ఉంటే, థర్మామీటర్ సరైనదైతే, అక్కడ వాయుపీడనం తక్కువని అర్థం. అదే గీత మెల్లగా పైకి వాలుతుంటే నీటిలో కరిగిన ఉప్పులేవో ఉన్నాయి. నీరు ఆవిరైపోయేకొద్దీ మిగిలిన ద్రావణం గాఢమై మరుగు స్థానం పెరుగుతుంది.