చింతచెట్టు లేకపోయి ఉంటే?

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసినప్పుడు సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. దాని గురించి మాట్లాడేటప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "ఆ చెట్టు లేకపోయి ఉంటే వాళ్లంతా కొట్టుకుపోయేవాళ్లు."

ఈ మాట నిజమా అని అడిగితే, నిజమే అంటాం, పెద్దగా ఆలోచించకుండానే. కానీ చెట్టు ఉంది, వాళ్లు కొట్టుకుపోలేదు. అంటే ఈ వాక్యంలోని రెండు ముక్కలూ జరగనివే. జరగనివాటిని రెండు తెచ్చి అతికిస్తే నిజం ఎక్కణ్నుంచి వచ్చింది? "అత్తకు మీసాలుంటే మామ అయ్యేది" అని ఇలాంటి మాటల్ని కొట్టిపారేయడం మనకు అలవాటే గానీ, యాక్సిడెంట్ కేసులో తప్పెవరిదో తేల్చేటప్పుడు, మందు పనిచేసిందా లేదా చూసేటప్పుడు మనం అడిగేది అచ్చం ఈ ప్రశ్నే: అది లేకపోయి ఉంటే ఏమయ్యేది? ఇలా జరగనిదాన్ని జరిగిందనుకుని చెప్పే వాక్యాలని తర్కశాస్త్రంలో ప్రతివాస్తవ షరతులు అంటారు.

ముక్కల నిజానిజాలని బట్టి మొత్తం వాక్యం ఒప్పో తప్పో చెప్పే పట్టిక, తర్కం పాఠంలో మొదట నేర్పే ట్రూత్ టేబుల్‌కి మాత్రం ఇవి అస్సలు కొరుకుడు పడవు. "P అయితే Q" అనే వాక్యం ఒకే ఒక్క సందర్భంలో తప్పు అవుతుందని ఆ టేబుల్ అంటుంది: P నిజమై, Q అబద్ధమైనప్పుడు. మిగతా మూడు సందర్భాల్లోనూ వాక్యం ఒప్పే. హైటెక్ సిటీలో కోడ్ రాసుకునేవాళ్లకు ఇది ఇంత:

```
def implies(p, q):
    return (not p) or q
```

ఇక్కడ p అబద్ధమైతే చాలు, q ఏదైనా సరే, జవాబు True. ఇదేం పిచ్చి అని విద్యార్థులు విసుక్కుంటారు గానీ, ఈ టేబుల్‌ని ఊరికే పెట్టలేదు. "ఏ సంఖ్య అయినా 4తో నిశ్శేషంగా భాగించబడితే అది సరి సంఖ్య" అనే వాక్యం తీసుకోండి. ఇది అన్ని సంఖ్యలకూ నిజం కావాలి. 8 దగ్గర రెండు ముక్కలూ నిజం, ఇబ్బంది లేదు. 6 దగ్గర మొదటిది అబద్ధం, రెండోది నిజం. 7 దగ్గర రెండూ అబద్ధం. 6, 7 వల్ల ఆ సూత్రం తప్పయిపోకూడదు కదా, అందుకే ఆ వరసల్లోనూ ఒప్పు అని రాసుకున్నారు. గణితానికి ఇది చక్కగా సరిపోతుంది.

ఇప్పుడు అదే టేబుల్‌ని చింతచెట్టు దగ్గరికి తీసుకురండి. "చెట్టు లేదు" అనేది అబద్ధం, ఎందుకంటే చెట్టు ఉంది. కాబట్టి "చెట్టు లేకపోయి ఉంటే కొట్టుకుపోయేవాళ్లు" ఒప్పు. బాగానే ఉంది. కానీ "చెట్టు లేకపోయి ఉంటే వాళ్లకు రెక్కలు మొలిచేవి" అన్నా అంతే ఒప్పు, "చెట్టు లేకపోయి ఉంటే ఒక్కరూ కొట్టుకుపోయేవాళ్లు కాదు" అన్నా ఒప్పే. ప్రతివాస్తవ వాక్యంలో మొదటి ముక్క సాధారణంగా అబద్ధమే, జరగలేదు కాబట్టే అలా అంటున్నాం. ఇక ఈ టేబుల్ ప్రకారం ఇలాంటి వాక్యాలన్నీ నిజమే అయి కూర్చుంటాయి, వాదించుకోవడానికి ఏమీ మిగలదు.

టేబుల్ మార్చేస్తే పోలా అనిపిస్తుంది. మొదటి ముక్క అబద్ధమైన రెండు వరసల్లో ఒప్పుకి బదులు తప్పు అని పెడదాం. కుదరదు. ఎందుకో చూడండి. "చెట్టు లేదు", "కొట్టుకుపోయారు", రెండూ అబద్ధం, వాక్యం మాత్రం నిజం. "చెట్టు లేదు", "రెక్కలు మొలిచాయి", ఇక్కడా రెండూ అబద్ధమే, వాక్యం కూడా అబద్ధం. లోపలికి వెళ్తున్న విలువలు రెండు చోట్లా అబద్ధం-అబద్ధం, బయటికి రావాల్సిన జవాబులు వేరు. ఏ టేబుల్ అయినా ఒకే జత విలువలకు ఒకే జవాబు ఇస్తుంది. రెండు వాక్యాలని కలిపే టేబుల్స్ మొత్తం 16 ఉంటాయి, ఆ 16లో ఏది వాడినా ఇదే గతి. అంటే సమస్య ఫలానా వరసలో లేదు, ముక్కల నిజానిజాలు మాత్రమే చూసి జవాబు చెప్పే పద్ధతిలోనే ఉంది.

మరి ఇంకేం చూడాలి? 1947లో అమెరికన్ తాత్వికుడు నెల్సన్ గుడ్‌మన్ దీన్ని పట్టుకుని కూర్చున్నాడు. తేలిగ్గా తోచే జవాబు ఇది: చెట్టు లేదనుకో, మిగతా వాస్తవాలు అలాగే ఉంచు, ప్రకృతి నియమాలు కలుపు, ఏం వస్తుందో చూడు. నీళ్లు తలమునకలుగా ఉన్నాయి, ఉరవడి ఎక్కువగా ఉంది, ఎక్కడానికి దగ్గర్లో ఇంకేం లేదు. కాబట్టి కొట్టుకుపోయేవాళ్లు. సరే, కానీ "వాళ్లు బతికారు" అన్నదీ ఒక వాస్తవమే కదా, దాన్ని కూడా అలాగే ఉంచితే? చెట్టు లేదు, అంత నీళ్లున్నాయి, అయినా బతికారు, అంటే పక్కన ఏ మేడో ఉండి ఉండాలి! ఇలా లెక్క వేస్తే "ఆ చెట్టు లేకపోయి ఉంటే పక్కన మేడ ఉండేది" అని తేలుతుంది. వాస్తవాల్లో ఏవి ఉంచుకోవాలి, ఏవి వదిలేయాలి? చెట్టు లేకపోయినా అలాగే ఉండిపోయేవాటిని ఉంచుకోవాలి అంటాం. కానీ "చెట్టు లేకపోయినా అలాగే ఉండేవి" అన్నది మళ్లీ ప్రతివాస్తవ వాక్యమే. గుడ్‌మన్ ఈ చక్రంలోంచి బయటపడలేకపోయాడు, ఆ సంగతి తనే రాసుకున్నాడు.

1968లో రాబర్ట్ స్టాల్నేకర్, 1973లో డేవిడ్ లూయిస్ అనే తాత్వికులు ఇంకో దారి పట్టారు. వాస్తవాలని ఒక్కొక్కటిగా ఏరడం మానేసి, మొత్తం ప్రపంచం ఇంకెన్ని రకాలుగా ఉండగలిగేదో ఊహించుకోమన్నారు. వాటిల్లో చెట్టు లేని ప్రపంచాలు తీసుకుని, వాటిల్లో మన ప్రపంచానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నవాటిని చూడాలి. అక్కడ వాళ్లు కొట్టుకుపోతే వాక్యం నిజం. రెక్కలు మొలిచే ప్రపంచం కూడా ఒకటి ఉంటుంది గానీ, అది చాలా దూరం.

ఈ పద్ధతి ఎంత లాభమో చూడటానికి చెట్టు కంటే చెరువు బాగా పనికొస్తుంది. వరద తర్వాత 1909లో విశ్వేశ్వరయ్యని పిలిపించారు, ఆయన పథకం మీదే మూసీపై ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో వచ్చింది. ఇప్పుడు ఈ మూడు మాటలు చూడండి. 1908 నాటికే గండిపేట, హిమాయత్ సాగర్ ఉండి ఉంటే అంతమంది చనిపోయేవాళ్లు కాదు. అవి ఉండి, ఆ రాత్రి కట్టలు తెగి ఉంటే అంతమందీ చనిపోయేవాళ్లు. అవి ఉండి, కట్టలు తెగినా, ముందురోజే నది ఒడ్డు జనాన్ని ఖాళీ చేయించి ఉంటే అంతమంది చనిపోయేవాళ్లు కాదు. ఒకే మనిషి ఈ మూడూ వరసగా అన్నా మనకు వింతగా ఉండదు, మూడూ ఒకేసారి నిజం కావచ్చు.

టేబుల్ దీన్ని భరించలేదు. దాని లెక్కలో "P అయితే Q" నిజమైతే, P పక్కన ఏం చేర్చినా Q వచ్చి తీరాలి. చెరువులుంటే చావులు లేనట్టయితే, చెరువులుండి కట్టలు తెగినా చావులు లేనట్టే! లూయిస్ దగ్గర అలా కాదు. చెరువులున్న ప్రపంచాల్లో మనకు దగ్గరివి కట్టలు నిలిచినవి. కట్టలు తెగినవి అంతకంటే దూరం, తెగినా జనం ముందే ఖాళీ చేసినవి ఇంకా దూరం. షరతు పెంచిన కొద్దీ వేరే ప్రపంచాలకి వెళ్తున్నాం కాబట్టి జవాబు అటూ ఇటూ మారుతుంది.

అయితే "దగ్గర" అన్న మాట మీదే అసలు దెబ్బ తగిలింది. 1975లో తాత్వికుడు కిట్ ఫైన్ లేవనెత్తిన అభ్యంతరాన్ని మన చెరువుకి తగిలిస్తే ఇలా ఉంటుంది. చెరువులు ఉండి, వరదని ఆపేస్తే, ఆ తర్వాత నగర చరిత్రంతా మారిపోతుంది. బతికినవాళ్లకి పిల్లలు పుడతారు, పాతబస్తీ వీధులు వేరేగా ఉంటాయి, ఈ వ్యాసం రాసేవాడు కూడా ఉండకపోవచ్చు. అదే చెరువుల కట్టలు తెగి నగరం ఎప్పట్లాగే మునిగితే, తర్వాతి వందేళ్లు మన చరిత్రలాగే నడుస్తాయి. మరి మొత్తం మీద ఏది మనకు దగ్గర? రెండోదే. అప్పుడు "చెరువులు ఉండి ఉంటే కట్టలు తెగేవి" నిజమని ఒప్పుకోవాలి, ఇది అన్యాయం.

లూయిస్ 1979లో దీనికి జవాబిస్తూ దగ్గరతనాన్ని ఎలా కొలవాలో విడమరిచి చెప్పాడు. ప్రకృతి నియమాలు పెద్ద ఎత్తున ఎక్కడా తప్పకూడదు, అది అన్నిటికంటే ముఖ్యం. ఆ తర్వాత, జరిగినదానితో తూచా తప్పకుండా కలిసే భాగం వీలైనంత ఎక్కువ ఉండాలి. మూడోది, నియమాల చిన్న ఉల్లంఘనలు కూడా వీలైతే తగ్గాలి. పైపైన పోలిక ఉంటే దానికి విలువ చాలా తక్కువ, అసలు లేకపోయినా ఆశ్చర్యం లేదు. కట్టలు తెగిన ప్రపంచంలో తర్వాతి వందేళ్లు మన చరిత్రలాగే ఉంటాయి గానీ అచ్చంగా అదే కాదు: తెగిన కట్టల రాళ్లు ఉంటాయి, కట్టిన కూలీల జ్ఞాపకాలు ఉంటాయి, ఖజానా లెక్కలుంటాయి. ఆ జాడలన్నీ తుడిచేయాలంటే ప్రకృతి నియమాలు తప్పే పెద్ద అద్భుతమే కావాలి. కాబట్టి ఉట్టి పోలిక కోసం కట్టల్ని తెంపుకోనక్కర్లేదు.

ఈ కొలతకి ఇంకో ఉపయోగం ఉంది. ఆ చెరువులు వరద వల్లే కట్టారు. అందుకని "1908కే అవి ఉండి ఉంటే, అంతకుముందే అలాంటి వరద ఇంకొకటి వచ్చి ఉండేది" అని వెనక్కి లాగాలనిపిస్తుంది. లూయిస్ దీన్ని ఒప్పుకోడు. 1908కి వీలైనంత దగ్గర దాకా చరిత్రని కదపకుండా, కట్టడానికి పట్టే కాలం మాత్రం వదిలి, అక్కడ ఎవరో అధికారికి ఒక ఆలోచన తట్టినట్టు చిన్న మార్పు చేస్తే చాలు. నాకు ఈ భాగం బాగా నచ్చుతుంది గానీ, పైన చెప్పిన కొలత కావలసిన జవాబుని బట్టి కుట్టిన చొక్కాలా ఉందన్న విమర్శలో కూడా పస ఉంది.

స్టాల్నేకర్, లూయిస్ ఇద్దరూ ఒక దగ్గర విడిపోయారు. చింతచెట్టు లేని ప్రపంచాల్లో, మనకు సరిగ్గా ఒకే దూరంలో రెండు ఉన్నాయనుకోండి: ఒకదానిలో ఫలానా మనిషి తేలుతున్న దూలం పట్టుకుని బతికాడు, ఇంకోదానిలో చెయ్యి జారింది. "చెట్టు లేకపోయి ఉంటే అతను బతికేవాడు", "బతికేవాడు కాదు", ఈ రెండిట్లో ఏది నిజం? రెండూ అబద్ధమే, బతికి ఉండవచ్చు, పోయి ఉండవచ్చు అంతవరకే అనగలం అంటాడు లూయిస్. స్టాల్నేకర్ లెక్కలో రెండిట్లో ఏదో ఒకటి నిజమన్నది ఖాయం, ఏదన్నది మాత్రం తేలదు. దీని మీద పేపర్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.