పగలు పొడి, రాత్రి తడి: పుల్-అప్ డైపర్ బరువు చెప్పే సంగతి

పగలంతా అడిగి మరీ బాత్రూమ్‌కు వెళ్లే మూడేళ్ల పిల్ల తెల్లారేసరికి పక్క తడిపేస్తే, నేర్పిన అలవాటు చెడిపోయిందని కంగారుపడకండి. పగటి అలవాటు నేర్పితే వస్తుంది. రాత్రి అలవాటు ఒళ్లు ఎదిగితేనే వస్తుంది. నిద్రలో మెదడు వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదిలితే మూత్రపిండాలు మూత్రాన్ని తగ్గిస్తాయి. ఆ ఏర్పాటు ఇంకా కుదురుకోని పిల్లల్లో రాత్రి కూడా పగటిలాగే మూత్రం ఊరుతుంది. పైగా మూత్రాశయం నిండినా గాఢ నిద్రలో మెలకువ రాదు.

ఇది మీ కళ్లతోనే చూడవచ్చు. పొడి పుల్-అప్‌ను వంటింటి త్రాసులో తూచి తొడగండి, లేవగానే విప్పి మళ్లీ తూచండి. రాత్రి 35 గ్రాములున్నది పొద్దున 195 అయిందనుకుందాం. గ్రాముకు దాదాపు ఒక మిల్లీలీటరు, అంటే 160 మిల్లీలీటర్లు. వయసుకు ఒకటి కలిపి 30తో గుణిస్తే మూత్రాశయం ఎంత పట్టగలదో స్థూలంగా తెలుస్తుంది. మూడేళ్లకు అది 120. పట్టనంత ఊరుతుంటే మందలించి ఏం లాభం? నిద్రలో ఎత్తుకెళ్లి పోయిస్తే ఆ పూటకు పక్క తడవదు, అంతే. నెలలు గడిచేకొద్దీ ఆ బరువు తగ్గుతూ, రెండు వారాల పాటు దాదాపు రోజూ పొడిగా ఉంటే పుల్-అప్ తీసేయవచ్చు. అప్పటిదాకా అది అందరి నిద్రనూ కాపాడుతుంది. ఒక్క సందర్భంలో మాత్రం అడ్డు: తెల్లవారుజామున తడిమితే పొడిగా ఉండి, మెలకువ వచ్చాక అందులోనే పోసేస్తుంటే తీసేయడమే మంచిది.

పుల్-అప్ మానేసిన రాత్రుల కోసం పక్కను రెండు దొంతర్లుగా వేయండి. పరుపు మీద వాటర్‌ప్రూఫ్ ప్రొటెక్టర్, దానిపై దుప్పటి, మళ్లీ ప్రొటెక్టర్, మళ్లీ దుప్పటి. అర్ధరాత్రి తడిస్తే పై రెండూ లాగేస్తే చాలు, కింద పొడి పక్క సిద్ధం. ఉత్త ప్లాస్టిక్ షీటు చెమట పట్టిస్తుంది. పైన నూలు, అడుగున పలచని పాలియురెథేన్ పొర ఉన్నది మేలు. మరిగే నీళ్లలో ఉతికితే ఆ పొర ఊడివస్తుంది. అనుమానం వస్తే ప్రొటెక్టర్ కింద టిష్యూ పరిచి, పైన ఒక కప్పు నీళ్లు పోసి, పది నిమిషాలాగి చూడండి. టిష్యూ తడిస్తే దాని పని అయిపోయినట్టే.

సాయంత్రం నీళ్లు కట్టడి చేసి దాహంతో పడుకోబెట్టవద్దు. పగలు బాగా తాగిస్తే రాత్రి దాహం తనంతట తానే తగ్గుతుంది. మలబద్ధకాన్ని ముందు సరిచేయండి, గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కేస్తుంది.

అయిదేళ్లలోపు పక్క తడపడాన్ని వైద్యులు జబ్బుగా లెక్కపెట్టరు. అయిదేళ్ల పిల్లల్లోనూ సుమారు ఏడుగురిలో ఒకరు తడుపుతూనే ఉంటారు. కానీ ఆరు నెలలు పొడిగా ఉన్న బిడ్డ మళ్లీ మొదలుపెట్టినా, పోసేటప్పుడు మంటన్నా డాక్టరుకు చూపించండి. విపరీతమైన దాహం, బరువు తగ్గడం కూడా తోడైతే అది మధుమేహం కావచ్చు, ఆ రోజే తీసుకెళ్లాలి.