పై అంతస్తు షవర్‌లో నీళ్ళు ఎందుకు తగ్గుతాయి?

డాబా మీద ట్యాంకు పెట్టుకున్న మూడంతస్తుల ఇంట్లో షవర్ బలహీనంగా వచ్చేది ట్యాంకుకి దగ్గరగా ఉన్న పై అంతస్తు వాళ్ళకే. నీటికి ప్రెషర్ ఇచ్చేది దగ్గరదనం కాదు, ట్యాంకులో నీటిమట్టానికీ షవర్‌కీ మధ్య ఉన్న ఎత్తు.

అమలాపురంలో అలాంటి ఇల్లు ఒకటి ఉందనుకుందాం. పై అంతస్తు నేల నుంచి ట్యాంకులో నీటిమట్టం 5 మీటర్ల ఎత్తున, షవర్ 2 మీటర్ల ఎత్తున ఉన్నాయి. షవర్‌కి దక్కేది 3 మీటర్లే. రెండంతస్తుల కింద, అంటే మరో 6 మీటర్ల దిగువన ఉన్న షవర్‌కి 9 మీటర్లు దక్కుతాయి. ఎత్తు మూడు రెట్లయినా నీళ్ళు మూడు రెట్లు రావు. ప్రవాహం ఎత్తుకి వర్గమూలంగా పెరుగుతుంది కాబట్టి, పైపులో రాపిడిని పక్కన పెడితే, సుమారు 1.7 రెట్లు వస్తాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. అదే బాత్రూంలో బకెట్ కుళాయి జోరుగా వస్తుంటే, షవరే మూసుకుపోయిందని తేల్చేస్తారు. కానీ ఆ కుళాయి నేలకి అర మీటరు ఎత్తులోనే ఉంటుంది. దానికి నాలుగున్నర మీటర్ల ఎత్తు దక్కుతోంది, పైగా దాని నోరు పెద్దది. ఆ పోలిక చెల్లదు. షవర్ తల విప్పేసి, అదే ఎత్తులో ఉత్త పైపు నుంచి నీళ్ళు ఎలా వస్తున్నాయో చూడాలి. ధారగా దూకితే లోపం షవర్ తలది. అప్పుడూ నీరసంగానే వస్తే ప్రెషర్ లేదనో, పైపులోనో వాల్వులోనో ఏదో అడ్డుపడిందనో అర్థం.

విప్పకుండానే కొంత పోల్చవచ్చు. మూసుకుపోయిన షవర్‌లో కొన్ని రంధ్రాలు ఎండిపోయి ఉంటాయి, కొన్ని పక్కకి చిమ్ముతాయి. ప్రెషర్ తక్కువైతే అన్ని ధారలూ ఒకేలా నీరసించి తలకి దగ్గరలోనే వంగిపోతాయి. ట్యాంకు నిండినప్పుడు బాగా వచ్చి, ఖాళీ అయ్యేకొద్దీ తగ్గుతుంటే అది ప్రెషర్ సంగతే. రంధ్రాల్లోని గారకి ట్యాంకు మట్టంతో పని లేదు.

ఆ గార ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఇది త్వరగా పడుతుంది. నీళ్ళు ఉప్పగా ఉండటం వల్ల కాదు, కఠినంగా ఉండటం వల్ల. గీజర్లో వేడెక్కినప్పుడు నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి తెల్లటి పొడిగా మిగులుతుంది. నిమ్మరసం చుక్క వేస్తే బుసబుసమని నురగ వస్తుంది. షవర్ తలని వెనిగర్లో అరగంట నానబెట్టి, రంధ్రాలని పాత టూత్ బ్రష్‌తో రుద్దాలి. రాత్రంతా ఉంచితే పైన ఉన్న క్రోమ్ పూత పాడవుతుంది. మెడలో జల్లెడ ఉంటే అదీ కడగాలి, ఇసుక ఎక్కువగా చిక్కేది అక్కడే.

లోపం ప్రెషర్‌దైతే వెనిగర్ ఏమీ చేయదు. ట్యాంకుని ఇంకో మీటరు లేపితే షవర్‌కి 3 బదులు 4 మీటర్లు దక్కుతాయి, నీళ్ళు పెరిగేది మాత్రం 15 శాతమే. ఆ ఖర్చుకి ఇది చాలా తక్కువ. ట్యాంకు నుంచి కిందికి దిగే పైపుకి చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకోవడమే మేలు.