యాప్‌లో ఒక్క బటన్ పెరగలేదు, 6 రోజులు ఎక్కడికి పోయాయి?

బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్ సంఘానికి, గేటు దగ్గర వచ్చేపోయేవాళ్లను నమోదు చేసే యాప్ చేశాం. 30 పనిదినాల ప్రాజెక్టు. 24వ రోజున, టీమ్‌లో కొత్తగా చేరిన కర్నూలు కుర్రాడు అడిగాడు: "అన్నా, కోడింగ్, టెస్టింగ్ రెండూ అయిపోయాయి. స్కోప్ పూర్తయినట్టేగా?"

అపోహ: యాప్ తయారైతే స్కోప్ పూర్తయినట్టే.

వాస్తవం: అతను చెప్పింది ప్రొడక్ట్ స్కోప్ ఒక్కటే. అంటే యాప్‌లో ఏమేం ఉండాలన్నది: వచ్చినవాళ్ల పేరు, ఫోటో గార్డు ఎక్కిస్తాడు, ఫ్లాట్‌వాళ్లకు నోటిఫికేషన్ వెళ్తుంది, వాళ్లు సరేనంటే లోపలికి పంపుతాడు. దీన్ని రిక్వైర్‌మెంట్లతో సరిచూసుకుంటాం. ఆ యాప్‌ను వాళ్ల చేతికి అందించేదాకా చేయాల్సిన పనంతా ప్రాజెక్ట్ స్కోప్. 240 ఫ్లాట్ల వివరాలు ఎక్కించడం, గార్డులకు నేర్పడం, సంఘంతో సంతకం పెట్టించుకోవడం అందులోవే. దీన్ని ప్లాన్‌తో సరిచూసుకుంటాం.

అపోహ: కొత్త ఫీచర్ అడిగితేనే స్కోప్ క్రీప్.

వాస్తవం: మాకు దెబ్బ తగిలింది ఇక్కడే. ఫ్లాట్ల వివరాలు ఎక్సెల్‌లో ఇస్తామన్నారు. తీరా ఇచ్చింది చేతిరాత రిజిస్టరు. "మీరే టైప్ చేసేయండి సార్, ఎంతసేపు?" అన్నారు, మొహమాటానికి సరేనన్నాం. తప్పిన ఫోన్ నంబర్లు కనుక్కోవడంతో కలిపి 4 రోజులు పట్టింది. ట్రైనింగ్ ఒక్క పూట అనుకున్నాం, గార్డులు మూడు షిఫ్టులవాళ్లని అప్పుడు గుర్తొచ్చింది. ఇంకో 2 రోజులు. యాప్ మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది. గడువు, డబ్బు, మనుషులు సవరించుకోకుండా ఊరికే పని పెరిగిపోవడమే క్రీప్. అది ప్రాజెక్ట్ స్కోప్‌లోనూ దూరుతుంది, పైగా అక్కడ కంటికి కనిపించదు. పసిగట్టాలంటే టైమ్‌షీట్ చూడండి. మీరు గంటలు రాస్తున్న పని పేరు డబ్ల్యూబీఎస్‌లో, అంటే పనుల విభజన పట్టికలో లేకపోతే అనుమానించాల్సిందే.

అపోహ: మధ్యలో వచ్చిన ప్రతి మార్పూ క్రీపే.

వాస్తవం: కాదు. కార్యదర్శిగారు వాట్సాప్‌లో "తెలుగు, కన్నడ కూడా పెట్టండి" అన్నారు. ఈసారి నోటిమాటకు తలూపలేదు. 14 స్క్రీన్లకు అనువాదం, మళ్లీ టెస్టింగ్ కలిపి 5 రోజులని లెక్కగట్టి చేంజ్ రిక్వెస్ట్ రాసిచ్చాం. సంఘం ఖర్చుకీ కొత్త తేదీకీ ఒప్పుకుంది. ప్రొడక్ట్ స్కోప్ పెరిగింది, దాంతోపాటే ప్లాన్ కూడా మారింది.

అపోహ: క్రీప్ ఎప్పుడూ క్లయింటు వల్లే.

వాస్తవం: ఆ వారమే మన కర్నూలు కుర్రాడు ఎవరూ అడక్కుండా డార్క్ మోడ్ పెట్టేశాడు. దీన్ని గోల్డ్ ప్లేటింగ్ అంటారు. చూడ్డానికి బాగానే ఉంది, కానీ దాన్ని ఏ ఫోన్‌లోనూ ఎవరూ టెస్ట్ చేయలేదు. తీయించేశాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.